చుట్టుకి ఎంత పోతుంది, వెలుగు ముందుకే ఎందుకు పోతుంది

ప్రశ్న: "రింగులో తిరిగే ఎలక్ట్రాన్ ప్రతి చుట్టుకీ కొంత శక్తిని వెలుగుగా వదిలేస్తుందని చదివాను. ఎంత వదులుతుంది? ఆ వెలుగు అన్ని వైపులకీ కాకుండా సన్నని శంకువులా ముందుకే ఎందుకు వస్తుంది? బీమ్‌లైన్ దగ్గర మాత్రం అది వెడల్పాటి పట్టీలా ఉంటుందంటారు, అదెలా?"

నేను ఇలాంటి సింక్రోట్రాన్ రింగు దగ్గర, ఎలక్ట్రాన్ దారిని వంచే బెండింగ్ అయస్కాంతం నుంచి వెలుగుని ప్రయోగానికి తెచ్చే బీమ్‌లైన్ మీద పనిచేశాను. కాబట్టి ఒక 3 జీఈవీ రింగునే తీసుకుని లెక్క వేద్దాం. చుట్టుకి పోయే శక్తికి సూత్రం ఇది:

```
U0 (keV) = 88.5 × E⁴ / ρ
```

ఎలక్ట్రాన్ శక్తి E జీఈవీల్లో, ρ మీటర్లలో. ఇక్కడ ρ అంటే రింగు మొత్తం వ్యాసార్థం కాదు, అయస్కాంతం లోపల దారి వంగే వ్యాసార్థం. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రింగు చుట్టుకొలత 560 మీటర్లున్నా, 1.4 టెస్లా అయస్కాంతంలో 3 జీఈవీ ఎలక్ట్రాన్ వంపు 7.15 మీటర్లే. మిగతా దారిలో ఎక్కువ భాగం తిన్నగానే పోతుంది. 3 నాలుగో ఘాతం 81. దాన్ని 88.5తో గుణించి 7.15తో భాగిస్తే దాదాపు 1000 కేఈవీ, అంటే ఒక ఎంఈవీ వస్తుంది. చుట్టుకి మూడువేలలో ఒక వంతు పోతుందన్నమాట.

వినడానికి ఇది చిన్నదే. కానీ ఎలక్ట్రాన్ సెకనుకి అయిదు లక్షల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క సెకనులో తన సొంత శక్తికి నూట డెబ్భై రెట్లకు పైగా వెలుగుగా వదులుతుంది. అదంతా రేడియో తరంగాలతో ఎలక్ట్రాన్లని ముందుకి నెట్టే ఆర్ఎఫ్ క్యావిటీలు ఎప్పటికప్పుడు తిరిగి ఇవ్వాల్సిందే. 300 మిల్లీ ఆంపియర్ల కరెంటుకి బెండింగ్ అయస్కాంతాల వాటా ఒక్కటే 300 కిలోవాట్లు. ఆర్ఎఫ్ ఆగిపోతే ఏమవుతుందో కంట్రోల్ రూమ్‌లో చూశాను. కరెంటు గ్రాఫ్ కిందికి వాలదు, ఉన్నట్టుండి సున్నా అవుతుంది. రింగు భరించగలిగే శక్తి తేడా 3 శాతం అనుకోండి. తొంభై చుట్లకే, అంటే సెకనులో ఆరువేలవ వంతులోనే, ఎలక్ట్రాన్లు లోపలివైపు జరిగి గొట్టం గోడకి తగిలిపోతాయి.

సూత్రంలోని నాలుగో ఘాతం అసలు కష్టమెక్కడుందో చెబుతుంది. సెర్న్‌లో 2000 వరకు నడిచిన లెప్ రింగు వంపు వ్యాసార్థం మూడు కిలోమీటర్లకు పైనే. అయినా 104 జీఈవీ దాటిన ఎలక్ట్రాన్ చుట్టుకి సుమారు 3.4 జీఈవీ పోగొట్టుకునేది. అదే శక్తి ఉన్న ప్రోటాన్‌కి ఈ నష్టం దాదాపు లెక్కలోకి రాదు, ఎందుకంటే ద్రవ్యరాశి కూడా నాలుగో ఘాతంలోనే, హారంలో ఉంటుంది.

ఇక శంకువు సంగతి. ఎలక్ట్రాన్‌తో పాటే కదులుతూ చూస్తే అది వెలుగుని ముందుకీ వెనక్కీ కూడా వదులుతుంది. దానికి సరిగ్గా పక్కకి, 90 డిగ్రీల్లో, వెళ్లిన కిరణాన్ని మన ప్రయోగశాల నుంచి చూస్తే అది ముందు దిశతో చేసే కోణం 1/γ మాత్రమే. γ అంటే ఎలక్ట్రాన్ మొత్తం శక్తి దాని నిశ్చల శక్తికి ఎన్ని రెట్లో ఆ సంఖ్య. అంటే అక్కడి ముందు అర్ధగోళమంతా ఇక్కడ ఆ సన్నని శంకువులోకి ముడుచుకుపోతుంది. 3 జీఈవీకి γ సుమారు 5870, కోణం 0.17 మిల్లీరేడియన్. 20 మీటర్ల దూరంలో మధ్య తలం నుంచి పైకి మూడున్నర మిల్లీమీటర్లు, కిందికి అంతే.

మరి పట్టీ ఎక్కడిది? వంపు తిరుగుతున్న బండి హెడ్‌లైట్ గోడ మీద అడ్డంగా ఊడ్చినట్టు, ఎలక్ట్రాన్ వంగేకొద్దీ శంకువు కూడా పక్కకి తిరుగుతుంది. అందుకే అడ్డంగా ఎంత వెడల్పంటే అయస్కాంతం ఎంత వంచిందో, ముందున్న గొట్టం ఎంత వదిలిందో అంత. 1/γ సన్నదనం నిలువుగానే కనిపిస్తుంది. సన్నని స్లిట్‌ని పైకీ కిందికీ కదుపుతూ 8 కేఈవీ ఎక్స్-కిరణాలని అయాన్ ఛాంబర్‌తో కొలిస్తే, కొన్ని మిల్లీమీటర్లలోనే సంకేతం పడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. వెలువడే మొత్తం పవర్‌ని సరిగ్గా రెండు సగాలుగా విడదీసే ఫోటాన్ శక్తిని క్రిటికల్ శక్తి అంటారు. 1/γ అన్నది ఆ క్రిటికల్ శక్తి (ఈ రింగుకి సుమారు 8.4 కేఈవీ) చుట్టుపక్కల వెలుగుకే బాగా సరిపోతుంది. తక్కువ శక్తి వెలుగు ఇంకా విచ్చుకుంటుంది. కంటికి కనిపించే వెలుగైతే సుమారు రెండున్నర మిల్లీరేడియన్లు, అంటే దాదాపు పదిహేను రెట్లు. చాలా రింగుల్లో ఎలక్ట్రాన్ బీమ్‌ని కంటికి కనిపించే వెలుగులో చూసే అద్దం ఈ తేడా మీదే పనిచేస్తుంది. వేడంతా మోసే ఎక్స్-కిరణాలు మధ్యలో సన్నని గీతలా ఉంటాయి కాబట్టి, అద్దానికి ముందు నీళ్లతో చల్లబరిచే సన్నని కడ్డీని ఆ గీతకే అడ్డం పెడతారు. పైనుంచీ కిందనుంచీ వచ్చే వెలుగే అద్దం మీద పడుతుంది, అద్దం వేడికి వంకరపోదు. కడ్డీ ఎత్తు కొద్దిగా తప్పినా వేడి అద్దానికి చేరి, తెరమీద బీమ్ బొమ్మ మెల్లగా సాగిపోవడం మొదలవుతుంది.