పాత సమాధుల వయసును కార్బన్, చెట్టు వలయాలతో ఎలా తేలుస్తారు?

మౌలాలి లాంటి చోట్ల దొరికిన పాత సమాధులు ఎన్నేళ్లవో ఎలా చెబుతారు?

సమాధిలోని బొగ్గులోనో గింజలోనో మిగిలిన కార్బన్-14ను కొలిచి, వచ్చిన అంకెను వయసు తెలిసిన చెట్టు వలయాలతో సరిచూస్తారు. ప్రాణం పోయాక గాలి నుంచి కార్బన్-14 కొత్తగా చేరదు, ఉన్నది 5,730 ఏళ్లకు సగమవుతుంది. కానీ గాలిలో దాని వాటా అన్ని కాలాల్లో ఒకేలా లేదు. ఏటా ఒకటి చొప్పున పెరిగే వలయాలే ఏ ఏడు ఎంత ఉండేదో చూపిస్తాయి.

ఉదాహరణకు బొగ్గుకు 2,450 ఏళ్లని వస్తే, సరిచేశాక అది క్రీ.పూ. 750–400 మధ్య ఎప్పటిదైనా కావచ్చు. ల్యాబ్ పొరపాటేమీ లేదు, ఆ కాలపు వలయాలన్నీ దాదాపు అదే అంకె ఇస్తాయి.

సమాధి రాళ్లకే ఈ పరీక్ష చేస్తారని చాలామంది అనుకుంటారు. రాయికి ఇది పనిచేయదు. బొగ్గయినా చెప్పేది ఆ వలయం పెరిగిన కాలమే. ముదురు టేకు నడిమి చేవ అయితే సమాధి కన్నా వందేళ్లు పాతదిగా తేలవచ్చు. అందుకే ఒక్క ఏడాదిలో పండిన గింజ దొరికితే దాన్నే ముందు పంపాలి.