హాస్టల్ కరెంటు బిల్లు: వీచాట్‌లో సరైన దారి

“వీచాట్‌లో 生活缴费 తెరిచి 电费 నొక్కితే 户号 అడుగుతోంది. నా గదికి అలాంటి నంబరే లేదు. డబ్బు ఎక్కడ కట్టాలి?”

మీరు వెళ్ళినది ఇళ్ళకు కరెంటు ఇచ్చే కంపెనీల బిల్లుల పేజీ. 生活缴费 అంటే ఇంటి బిల్లుల చెల్లింపు, 电费 అంటే కరెంటు ఛార్జీ, 户号 అంటే ఇంటి మీటరు ఖాతా సంఖ్య. హాస్టల్ గదుల లెక్క సాధారణంగా విశ్వవిద్యాలయమే చూసుకుంటుంది కాబట్టి అక్కడ ఎంత వెతికినా మీ గది దొరకదు.

వెనక్కి వచ్చి, చాట్ల పేజీ పైనున్న వెతికే పెట్టెలో మీ విశ్వవిద్యాలయం చైనా పేరుతో పాటు 一卡通 అని టైపు చేయండి. అంటే క్యాంపస్ కార్డు. వచ్చినవాటిలో మీ విశ్వవిద్యాలయం పేరు మీదే నమోదైనదాన్ని ఎంచుకోండి. పోలిన పేర్లు చాలా ఉంటాయి, దయచేసి తొందరపడకండి. లోపల 电费 కనిపిస్తుంది, దాన్ని నొక్కండి. తరువాత 校区 అంటే క్యాంపస్, 楼栋 అంటే భవనం, 房间 అంటే గది, వరుసగా ఎంచుకోండి.

మన విద్యార్థులు ఎక్కువగా ఆగిపోయేది లాగిన్ దగ్గరే. 学号 అంటే విద్యార్థి సంఖ్య; దాన్ని సరిగ్గా ఇచ్చినా పేరు సరిపోలడం లేదంటుంది. నాకూ అలాగే జరిగింది: పాస్‌పోర్టులోలా ఇంటిపేరును విడిగా రాస్తే కుదరలేదు, విద్యార్థి కార్డు మీద ఉన్నట్టు అన్నీ పెద్ద అక్షరాల్లో, అదే వరుసలో రాస్తే తెరుచుకుంది.

మొదట 10 యువాన్లే వేసి, గది మిగులులో చేరిందో లేదో చూడండి. గది నంబరు ఒక్క అంకె తప్పితే డబ్బు పక్కగదికి వెళుతుంది. విదేశీ కార్డుతో కడితే 200 యువాన్లు దాటిన చెల్లింపుకు 3 శాతం రుసుము పడుతుంది, అందుకే తక్కువ మొత్తాలుగా వేసుకోండి.