‘మెయిల్ చూడను’ అని రాయడానికి భయమెందుకు?

*“సర్, మాది దేవరకొండ దగ్గర పల్లె. డిగ్రీ అయినంక హైదరాబాద్‌ల అమెరికా క్లయింట్ల బిల్లింగ్ చూసే ఆఫీసుల చేరి ఎనిమిది నెలలైంది. మార్చిల మా అక్క పెళ్లి. 4 నుంచి 10 దాకా లీవు ఇచ్చిన్రు. మా మేనేజర్ ‘ఔట్‌లుక్‌ల ఆటో రిప్లై పెట్టి పో’ అన్నడు. ఏం రాయాలె? అందరు రాసినట్టు ‘మెయిల్ లిమిటెడ్‌గా చూస్త’ అని రాస్తె సరిపోతదా? పెళ్లి అయినంక మూడు రోజులు అమ్రాబాద్ అవతల బావ వాళ్ల ఊర్ల ఉంటం, ఆడ సిగ్నల్ కూడా అందది. కొత్త ఉద్యోగం, పూర్తిగ చూడనంటె ఏమన్న అనుకుంటరేమో అని భయం.”*

సరిపోదమ్మా. ఆ ‘లిమిటెడ్’ అన్న మాటే ముందు తీసెయ్. న్యూయార్క్‌లో క్లయింట్ పొద్దున కాఫీ తాగుతూ నీకు ఒక ఇన్‌వాయిస్ గురించి మెయిల్ పెట్టాడనుకో. ‘లిమిటెడ్‌గా చూస్తాను’ అని జవాబు వస్తే, రాత్రికైనా చూస్తుందిలే అని ఆగుతాడు. రెండో రోజూ ఆగుతాడు. మూడో రోజు మీ మేనేజర్‌కు ఫోన్ చేస్తాడు. నువ్వు ఆ టైముకు అమ్రాబాద్ అవతల, ఫోన్ పట్టుకుని మేడ మీద సిగ్నల్ వెతుక్కుంటూ ఉంటావు. అదే ‘11వ తేదీ దాకా మెయిల్ చూడను, ఈ పని ఫలానా ఆయన చూస్తారు’ అని ఉంటే, అతను ఆ నిమిషంలోనే ఆయనకు రాసుకుని తన పని చూసుకుంటాడు. లీవు మంజూరైంది కాబట్టి చూడనని చెప్పడంలో తప్పేం లేదు. చూస్తానని ఆశపెట్టి చూడకపోతేనే పేరు పోతుంది.

అందుకే రాయడం మొదలుపెట్టే ముందే ‘ఫలానా ఆయన’ ఎవరో తేల్చుకోవాలి. మెయిల్ రాయడం పది నిమిషాల పని, దీనికే కొంత తిరగాలి. ఈ పాఠం నాకు దెబ్బ తగిలాక వచ్చింది. మహబూబ్‌నగర్‌కు వచ్చి ఈ కౌన్సెలింగ్ పని మొదలుపెట్టకముందు నేనూ ఒక ఆఫీసులో చేశాను. ఒక దసరాకు ఊరికి పోతూ, అత్యవసరమైతే నా పక్క సీటాయనకు రాయమని ఆటో రిప్లైలో పెట్టాను. ఆయనను ఒక్క మాట అడగలేదు. ఆయనదీ పాలమూరే. సద్దుల బతుకమ్మకు ఆయనా ఊరికి పోయాడు, పోతూ పోతూ నా పేరు పెట్టి పోయాడు. మాకు రాసిన క్లయింట్ నా దగ్గర్నుంచి ఆయన దగ్గరికి, ఆయన దగ్గర్నుంచి మళ్లీ నా దగ్గరికి తిరిగాడు. ఆ రెండు జవాబులూ కలిపి మా పై ఆఫీసరుకే పంపాడు, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా.

కాబట్టి నువ్వు పెట్టబోయే మనిషిని ఎదురుగా అడుగు. ఆ ఏడు రోజులూ ఆయన ఆఫీసులో ఉంటాడా? నీ ఫైళ్లు తెరవడానికి ఆయనకు అనుమతి ఉందా? ఏది వస్తే ఆయన పట్టించుకోవాలి, ఏది నువ్వు వచ్చేదాకా ఆగవచ్చు? చివరిది తేల్చకపోతే ప్రతి చిన్నదీ ఆయన నెత్తిన పడుతుంది, వచ్చేసారి నీకు సరే అనడు. మీ బిల్లింగ్‌లో అయితే ఇన్‌వాయిస్ వెళ్లకుండా ఆగడం, డబ్బు తప్పుగా పడటం ఆగలేనివి. పాత స్టేట్‌మెంట్ కాపీ కావాలనడం ఆగుతుంది.

ఇప్పుడు మెయిల్. ఆఫీసులో ఇంగ్లీషులోనే పెడతావు కానీ, ముందు విషయం మన మాటల్లో కుదరాలి:

*నమస్తే. మార్చి 4 బుధవారం నుంచి మార్చి 10 మంగళవారం వరకు సెలవులో ఉన్నాను. ఈ రోజుల్లో మెయిల్ చూడను. మార్చి 11 బుధవారం తిరిగి పనిలోకి వస్తాను.*

*ఇన్‌వాయిస్ ఆగినా, చెల్లింపు తప్పుగా పడినా (సహోద్యోగి పేరు, ఆఫీసు మెయిల్)కు రాయండి. వారు సోమవారం నుంచి శుక్రవారం వరకు, భారత సమయం మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకు ఉంటారు. మిగతా మెయిళ్లకు మార్చి 12 సాయంత్రంలోగా నేనే జవాబిస్తాను.*

*మార్చి 5 గురువారం కాల్ ఉండదు. మార్చి 12 గురువారం నుంచి మళ్లీ మొదలవుతుంది: న్యూయార్క్ సమయం ఉదయం 9, భారత సమయం సాయంత్రం 6.30.*

అంతే, దీనికి మించి ఒక్క వాక్యం అక్కర్లేదు. షిఫ్టు టైమూ, కాల్ రోజూ నేను ఊహించి పెట్టాను, నీవి ఏవో అవి పెట్టుకో.

తేదీలు ఎందుకలా రాశానో చెబుతాను. 11/03 అని అంకెల్లో పెడితే మనకు మార్చి 11, అమెరికా వాడికి నవంబర్ 3. వాళ్లు నెల ముందు రాస్తారు. నెల పేరు అక్షరాల్లో, పక్కన వారం పేరు ఉంటే ఈ గొడవే లేదు. ఇంకోటి, ‘10వ తేదీ వరకు సెలవు’ అని వదిలేస్తే 10న వస్తావా, 11న వస్తావా అని ఒకడు అడుగుతాడు. ఆఖరి రోజూ, తిరిగి వచ్చే రోజూ రెండూ వేర్వేరుగా చెప్పాలి. 11న వస్తూనే జవాబులకు 12 సాయంత్రం దాకా గడువు పెట్టింది కూడా కావాలనే. వారం మెయిళ్లు చదవడానికే మొదటి రోజు పోతుంది, కాల్స్ కూడా ఆ రోజుకు పెట్టుకోకు.

ఇక ఔట్‌లుక్‌లో పెట్టడం. పాత ఔట్‌లుక్‌లో `File` నొక్కితే `Automatic Replies` కనబడుతుంది. కొత్తదాంట్లో, వెబ్‌లో అయితే సెట్టింగ్స్‌లో అదే పేరుతో వెతుకు. టైము పెట్టే గడిలో తప్పకుండా టిక్ పెట్టు. మొదలు 4 పొద్దున అని పెడతారు చాలామంది. నువ్వు 3వ తేదీ రాత్రి 10కి సిస్టమ్ మూసేసరికి న్యూయార్క్‌లో ఇంకా ఉదయం 11.30 మాత్రమే, మెయిళ్లు వస్తూనే ఉంటాయి. 3 రాత్రి 10 నుంచే మొదలుపెట్టు. ముగింపు 11న నీ షిఫ్టు మొదలయ్యే టైముకు పెట్టు.

అందరూ పడే గోతి ఇక్కడే ఉంది. ఔట్‌లుక్‌లో ఆఫీసు లోపలి వాళ్లకు ఒక జవాబు, బయటి వాళ్లకు ఇంకోటి విడిగా రాయాలి. పాత ఔట్‌లుక్‌లో ఇవి `Inside My Organization`, `Outside My Organization` అని రెండు ట్యాబులు. మొదటిది నింపి ఓకే కొట్టి పోతే మీ టీం వాళ్లకు మాత్రం చక్కగా జవాబు వెళ్తుంది, ఎవరికి కావాలో ఆ క్లయింట్‌కు ఏమీ పోకపోవచ్చు. బయటి వాళ్లలోనూ నీ కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకే పంపాలా, అందరికీనా అని అడుగుతుంది. క్లయింట్ ఆఫీసు నుంచి కొత్తవాళ్లు రాసే అలవాటుంటే అందరికీ పెట్టు.

పెట్టింది పనిచేస్తుందో లేదో నీ సొంత జీమెయిల్ నుంచి ఆఫీసు మెయిల్‌కు ఒకటి పంపి చూసుకో. మొదలయ్యే టైమును కాసేపు ‘ఇప్పుడే’కు మార్చి చూడు, లేకపోతే జవాబు రాదు. ఒకసారి జవాబు వచ్చాక అందులో తప్పు కనబడి దిద్దావనుకో, అదే జీమెయిల్ నుంచి మళ్లీ పంపితే ఈసారి రాదు. చెడిపోయిందని కంగారు పడకు. ఔట్‌లుక్ ఒక మనిషికి ఒక్కసారే జవాబిస్తుంది, ఆపి మళ్లీ ఆన్ చేస్తే లెక్క కొత్తగా మొదలవుతుంది. అప్పటికీ బయటికి అసలు పోకపోతే, మీ కంపెనీ బయటి ఆటో రిప్లైలు ఆపి ఉంచిందేమో ఐటీ వాళ్లను అడుగు. అలా అయితే ముఖ్యమైన క్లయింట్లకు 2వ తేదీనే నువ్వే మెయిల్ రాసి పెట్టు. రేపు జీమెయిల్ వాడే ఆఫీసుకు మారితే అక్కడ దీని పేరు `Vacation responder`. దాంట్లో గంటలుండవు, తేదీలే. `Last day` దగ్గర టిక్ మర్చిపోతే నువ్వు వచ్చి నెలైనా ‘సెలవులో ఉన్నాను’ అని పోతూనే ఉంటుంది.

ఆటో రిప్లై పెట్టినంత మాత్రాన క్యాలెండర్ సర్దుకుపోదు. నీ సెలవు రోజులకు మీటింగులు పడుతూనే ఉంటాయి. కొత్త ఔట్‌లుక్‌లో ఆ పేజీలోనే క్యాలెండర్ మూసే టిక్ ఉంటుంది, అది పెట్టుకో. దాని దగ్గరే ఉండే `Decline and cancel my meetings during this period` దగ్గర మాత్రం ఆగి ఆలోచించు. నువ్వు పెట్టిన మీటింగులు నీకు ఒక్కదానికే కాదు, వచ్చేవాళ్లందరికీ రద్దవుతాయి. గురువారం కాల్ ఒక్కటే అయితే, సిరీస్ మొత్తం జోలికి పోకుండా 5వ తేదీది ఒక్కటి తీసేయడం మేలు.

పైన కాల్ టైము రెండు ఊళ్ల లెక్కలో ఎందుకు రాశానో నువ్వు అడగలేదు కానీ, 12న దెబ్బ తినేది అక్కడే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు. 2026లో అది మార్చి 8, సరిగ్గా నువ్వు పెళ్లి సందడిలో ఉన్నప్పుడు. అప్పటిదాకా వాళ్ల ఉదయం 9 మనకు రాత్రి 7.30. ఆ తర్వాత సాయంత్రం 6.30. కాల్ వాళ్లు పెట్టింది అయితే నీ క్యాలెండర్‌లో గంట ముందే, 6.30కే పడుతుంది, పాత అలవాటున 7.30కి చేరితే కాల్ అయిపోయి ఉంటుంది. నువ్వు మన టైములో పెట్టింది అయితే 7.30కే ఉంటుంది, వాళ్లకు ఉదయం 10 అవుతుంది. ఎవరు పెట్టారో 3వ తేదీలోపే చూసుకుని, ఏ టైము నిజమో అదే రాయి.

బయటి జవాబులో అక్క పెళ్లి, ఊరి పేరు, ఇంటి ఫోన్ నంబర్ వద్దు. ఆ జవాబు క్లయింట్‌కే కాదు, నీకు ఎవరు మెయిల్ కొడితే వాళ్లకు పోతుంది. మీది బిల్లింగ్ కాబట్టి ఇంకో మాట. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇక నుంచి డబ్బు దీంట్లో వేయండి’ అని క్లయింట్ పేరుతో దొంగ మెయిళ్లు వస్తుంటాయి. ఆ సంగతి చూసే మనిషి ఊళ్లో లేదని నీ ఆటో రిప్లైయే వాడికి చెబుతుంది. నీ పని చూసే ఆయనకు అప్పగించేటప్పుడు ఇది నోటితో కాకుండా మెయిల్‌లో రాసి, మేనేజర్‌ను సీసీలో పెట్టు: ఈ వారంలో ఖాతా మార్పు అడిగితే, ఆ మెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి, కుదరకపోతే 11వ తేదీ దాకా ఆపాలి.