పర్షియన్ 'ఊ'ని ఇంగ్లీషులో హీ అనాలా, షీ అనాలా?

ప్రశ్న: పర్షియన్‌లో అతడికీ ఆమెకీ ఒకటే మాట, 'ఊ'. క్రియ చూసినా తెలియదు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు హీ, షీలలో ఏది పెట్టాలో మీరు ఎలా తేల్చుకుంటారు?

'ఊ' దగ్గర కూర్చుని ఎంత ఆలోచించినా తేలదండీ. నేనైతే ముందు చివరిదాకా చదివి, చుట్టరికాల మాటలు వెతుకుతాను. ఒకసారి తల బొప్పి కట్టాకే ఈ అలవాటు వచ్చింది.

ఒక ఇరానీ కుటుంబం తమ పాత ఉత్తరాలను ఇంగ్లీషులోకి మార్చమని ఇచ్చింది. రాసినవారి పేరు నోస్రత్ అనుకుందాం. ఆ పేరు మగవాళ్లకీ ఉంటుంది, ఆడవాళ్లకీ ఉంటుంది. ఒక బంధువు ఉత్తరంలో నోస్రత్ గురించి అంతా 'ఊ' అనే ఉంది. 'హమ్‌సర్' అనే మాట కనిపించింది కానీ అది భార్యకీ భర్తకీ చెల్లుతుంది. 'ఫర్జంద్' అన్నా అంతే, కొడుకు కావచ్చు, కూతురు కావచ్చు. ఏదైతే అదైందని హీ పెట్టుకుంటూ ఆరు పేజీలు లాగించాను.

ఏడో పేజీలో నోస్రత్ 'జారీ' కబుర్లు వచ్చాయి. జారీ అంటే అచ్చంగా మన తోడికోడలు. తోడికోడలు ఉండాలంటే తను కూడా ఆ ఇంటి కోడలే కావాలి కదా! అంటే నోస్రత్ ఆడమనిషి. తోడల్లుడికి పర్షియన్‌లో 'బాజెనాఖ్' అని ఇంకో మాట ఉంది, అది కనిపిస్తే మగవాడని తేలిపోయేది. ఇంగ్లీషులో ఈ రెంటికీ విడి మాటల్లేవు కాబట్టి ఇంగ్లీషు అలవాటుతో చదివేవాళ్లు ఈ గుర్తును దాటిపోతారు. మనకు మాత్రం చప్పున వెలుగుతుంది.

తర్వాత ఇంకో తప్పు చేశాను. హీ ఉన్నచోటల్లా ఒక్క దెబ్బతో షీ చేసేశాను. దాంతో నోస్రత్ మరిది కూడా ఆడమనిషైపోయాడు! 'ఊ' ఎవరి గురించో ప్రతి వాక్యంలో మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

పేరుకు ముందు 'మర్హూమ్' ఉంటే పోయింది మగవాడు, 'మర్హూమె' అయితే ఆడమనిషి. అరబ్బీ నుంచి వచ్చిన మాటల్లో చివరి ఆ చిన్న 'ఎ' చాలాసార్లు కాపాడుతుంది. ఏ ఆధారమూ దొరక్కపోతే ఉత్తరం ఇచ్చినవాళ్లనే అడుగుతాను. అడిగే వీలు లేకపోతే సర్వనామం వదిలేసి పేరే మళ్లీ రాస్తాను. 'దే' కూడా నడుస్తుంది కానీ, వాక్యంలో నలుగురుంటే ఎవరో తెలియక గందరగోళం.

గజల్ సంగతి వేరు. అక్కడ తేల్చకపోవడమే నయం. పర్షియన్ కవి హాఫిజ్ తను ప్రేమించిన మనిషిని 'షిరాజ్ తుర్కు' అని చెప్పే గజల్‌లో ప్రియసఖి అని ఎక్కడా లేదు. పైగా అందులోనే యూసుఫ్ అనే యువకుడి అందం, అతడి మీద జులేఖా అనే ఆమె ప్రేమ వస్తాయి, అంటే అందం మగవాడి వైపే ఉంది. 1771లో విలియం జోన్స్ దాన్ని ఇంగ్లీషు చేస్తూ 'నువ్వు' అని పిలిచాడు. అక్కడే ఆగితే బాగుండేది, లింగం గొడవే ఉండేది కాదు. ముందు 'స్వీట్ మెయిడ్' అని తగిలించి అమ్మాయిని చేసేశాడు.