చక్కెర పేరు మామిడి పేరు కంటే ముందుంటే

ప్రశ్న: ప్యాకెట్ మామిడి జ్యూస్ మీద "నో ప్రిజర్వేటివ్స్" అని ఉంటే పిల్లలకు రోజూ ఇవ్వొచ్చా? మంచిది ఏదో లేబుల్ చూసి ఎలా తెలుసుకోవాలి?

రోజూ వద్దండి. ప్రిజర్వేటివ్స్ గురించి తర్వాత చెప్తాను, ముందు చూడాల్సింది అది కాదు.

మాది చిత్తూరు జిల్లా, నాలుగెకరాల తోతాపురి తోట. ఈ డ్రింకుల్లో పడే గుజ్జు చాలావరకు తోతాపురిదే. 2025లో కాయ ధర ఎంత పడిపోయిందంటే, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, 4 రూపాయలు మేమిస్తామని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ వేసవిలోనే ఒకరోజు మా చిన్నది 600 మి.లీ. మామిడి డ్రింకు బాటిల్ తెచ్చుకుంది, 40 రూపాయలు. మా నాయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చదివి, "ఒరే, చక్కెర పేరు మన కాయ పేరు కంటే ముందెందుకుందిరా?" అన్నాడు.

అన్ని లేబుళ్లూ చూసే నేను అప్పటిదాకా అది గమనించలేదు. ఏది ఎక్కువ బరువు పడుతుందో దాని పేరు ముందు రాయాలన్నది రూలు. ఆ బాటిల్ మీద వరసగా నీళ్లు, చక్కెర, ఆ తర్వాత మామిడి గుజ్జు 11 శాతం అని ఉంది. అంటే బాటిల్ మొత్తంలో గుజ్జు 66 గ్రాములు. పక్కన పట్టికలో 100 మి.లీ.కి మొత్తం షుగర్ 14 గ్రాములు, అందులో కలిపిన షుగర్ 12.5 అని ఉంది. బాటిల్ అంతటికీ లెక్కేస్తే 75 గ్రాముల చక్కెర, టీ చెంచాతో పదిహేను చెంచాలు. మా నాయన ఇంకో లెక్క కూడా వేశాడు. కిలో కాయకు సుమారు అరకిలో గుజ్జు వస్తుంది కాబట్టి ఈ 66 గ్రాములకు 130 గ్రాముల కాయ చాలు, ఫ్యాక్టరీ ఇచ్చే 8 రూపాయల లెక్కన అది ఒక్క రూపాయి. 40 రూపాయల బాటిల్లో మా కాయ విలువ రూపాయి! ఆ రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

మరి 11 శాతం గుజ్జుతో అంత చిక్కగా, పసుపుగా, పుల్లపుల్లగా ఎలా ఉంటుందంటారా, అది కూడా లేబుల్‌లోనే నంబర్ల రూపంలో ఉంటుంది. 440 అంటే పెక్టిన్, 466 ఇంకో చిక్కదనం పొడి, 330 సిట్రిక్ ఆమ్లం, 160ఎ గానీ 110 గానీ రంగు, చివర ఫ్లేవర్. ఇవన్నీ అనుమతి ఉన్నవే, 330 తింటే క్యాన్సర్ అంటూ వాట్సాప్‌లో తిరిగేది శుద్ధ అబద్ధం, అలాంటివి దయచేసి ఫార్వర్డ్ చేయకండి. కానీ చిక్కగా ఉంది కాబట్టి పండు ఎక్కువుందని మాత్రం నమ్మకండి.

ఇక ప్రిజర్వేటివ్స్. అట్ట డబ్బాల్లో వచ్చేదాన్ని బాగా వేడిచేసి, సూక్ష్మజీవులు లేని చోట నింపి సీల్ చేస్తారు, కాబట్టి దానికి ప్రిజర్వేటివ్ అవసరమే ఉండదు. అవసరం లేనిది వేయలేదని పెద్ద అక్షరాల్లో రాయడం ఏం గొప్పండి? చక్కెర సంగతి మాత్రం వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కొన్ని బాటిళ్లలో 211, 202 అని కనిపిస్తాయి, అవే ప్రిజర్వేటివ్స్. పరిమితిలో వేస్తే వాటికంటే ఆ పదిహేను చెంచాల చక్కెరే పిల్లలకు ఎక్కువ చేటు అని నా గట్టి అభిప్రాయం. ఒకటి గుర్తుపెట్టుకోండి, ప్రిజర్వేటివ్ లేని డబ్బా మూత తీశాక బయట పెడితే త్వరగా పాడవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేయాలి. ఉబ్బిన డబ్బా అసలు తెరవొద్దు.

కొనక తప్పకపోతే ముందు అది ఏ రకమో చూడండి, అది కూడా చిన్నగానే రాస్తారు. ఫ్రూట్ డ్రింక్ అంటే పండు 10 శాతం ఉంటే చాలు, మామిడి నెక్టార్ అంటే కనీసం 20 ఉండాలి. కానీ నెక్టార్‌లో కూడా చక్కెర కలుపుతారు, పేరు బాగుందని మోసపోవద్దు. శాతం చూశాక కలిపిన షుగర్ చూడండి, అది 100 మి.లీ.కి రాసి ఉంటే డబ్బా మొత్తానికి లెక్కేయండి.

మా ఇంట్లో ఇప్పుడు సీజన్‌లో గుజ్జు తీసి డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటున్నాం. ఒక గ్లాసు గుజ్జు, రెండు గ్లాసుల నీళ్లు, మూడు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు. దాదాపు ఆ బాటిలంతే అవుతుంది, పండు మాత్రం మూడో వంతు. మా చిన్నది మొదటి వారం తీపి చాల్లేదని గొడవ చేసింది, ఇప్పుడు అడగకుండానే తాగేస్తోంది.

మీ ఇంట్లో ఉన్న డబ్బా వెనక తిప్పి చూసి, చక్కెర ముందుందో మామిడి ముందుందో ఇక్కడే రాయండి.