ఒకటో తరగతి డెమోకి లెసన్ ప్లాన్: ఒక కట్ట, నాలుగు పుల్లలు

ప్రశ్న: మేడం, మాది దేవరకొండ దగ్గర పల్లె. డీఎల్ఈడీ అయిపోయింది, టెట్ క్వాలిఫై అయిన. మిర్యాలగూడల ఒక ప్రైవేట్ ఇంగ్లిష్ మీడియం స్కూల్ల వచ్చే సోమవారం డెమో ఉంది. ఒకటో తరగతి, 28 మంది, లెక్కల్ల 11 నుంచి 19 దాకా టాపిక్, 40 నిమిషాలు. వాళ్లిచ్చిన ఫారంల ఆబ్జెక్టివ్స్, వార్మప్, మెయిన్ యాక్టివిటీ, కూల్‌డౌన్ అని నాలుగు గడులున్నయి. ఆబ్జెక్టివ్‌ల "పిల్లలు స్థానవిలువలను అర్థం చేసుకుంటారు" అని రాసిన, వార్మప్‌ల ఒక రైమ్ పెట్టిన, ఇగ ముందుకు పోతలేదు. ఏం రాయాలె?

జవాబు:

ముందు ఆ "అర్థం చేసుకుంటారు" కొట్టెయ్యి బిడ్డా. పిల్లగానికి అర్థమైందో లేదో నీకు కనపడదు, వెనక బెంచీల కూసొని చూసే ప్రిన్సిపాల్‌కూ కనపడదు. కళ్లకు కనపడే పనే ఆబ్జెక్టివ్. ఇట్ల రాయి: "11 నుంచి 19 లోపు ఎన్ని పుల్లలిచ్చినా పిల్లలు పది లెక్కపెట్టి కట్ట కడతరు, 'ఒక కట్ట, విడిగా ఇన్ని' అని చెప్తరు, ఆ సంఖ్యను పలక మీద రాస్తరు." ఒక్కటి చాలు. చాలామంది ఐదారు ఆబ్జెక్టివ్‌లు రాస్తరు, కూడిక గూడ అండ్ల కలిపేస్తరు, క్లాస్ అయినంక ఒక్కటి గూడ కాదు. ఈ ఒక్క వాక్యం సక్కగ రాసుకుంటే మిగిలిన మూడు గడులు దాంట్ల నుంచే వస్తయి, ఎందుకంటే కట్ట కట్టుడే మెయిన్ యాక్టివిటీ, రాసుడే కూల్‌డౌన్‌ల చూసేది.

ఈ టాపిక్‌ల పిల్లలు ఎక్కడ తప్పుతరో అది తెలుసుకోకుంటే ప్లాన్ ఎంత అందంగ రాసినా దండగే. ఇంగ్లిష్‌ల ఫోర్టీన్ అంటే ముందుగా ఫోర్ వినపడతది, పిల్లగాడు ముందు 4 రాస్తడు, తర్వాత 1 పెడతడు, 41 అయితది. తెలుగుల పద్నాలుగు అంటే ముందు పది వినపడతది, అందుకే తెలుగుల విని రాసే పిల్ల ఒక్కోసారి 10 రాసి పక్కన 4 పెడతది, 104 అయితది. రెండూ తప్పే గానీ రెండింటి కారణం వేరు. 41 రాసినోడు చెవిన పడ్డ వరసల రాసిండు. 104 రాసినామెకు పది, నాలుగు కలిసిందని తెలుసు, కానీ పదిని ఒక్క 1 తోనే చూపిస్తమన్నది తెల్వదు. నీ ప్లాన్‌ల ఈ రెండు తప్పులు ఒక లైన్‌ల రాసి పెట్టు, ఫారంల గడి లేకున్నా మార్జిన్‌ల రాయి. డెమో చూసేటోళ్లకు అదొక్కటి చాలు, ఈ పిల్ల క్లాసు గురించి ఆలోచించుకొని వచ్చిందని తెలుస్తది.

ఇగ వార్మప్. రైమ్ తీసెయ్. రైమ్ చెడ్డదని కాదు, ఈ పాఠానికి దాంతోటి పని లేదు. నా మొదటి డెమోల నేను ఇదే పని చేసిన, యాక్షన్ సాంగ్ పెడితే పిల్లలు మస్తు ఎగిరిన్రు, పన్నెండు నిమిషాలు పోయినయి, వాళ్లను మళ్ల కూసోబెట్టేసరికి ఇంకో ఐదు పోయినయి, పాఠం సగంలనే బెల్ కొట్టిన్రు. ఆ ఉద్యోగం రాలేదు, రాకపోవుడు న్యాయమే. వార్మప్ అంటే పాఠానికి కావలసిన పాత సంగతిని లేపుడు. నీ పాఠానికి కావలసింది పది దాకా లెక్క. కాబట్టి వేళ్ల ఆట పెట్టు, ఆరు నిమిషాలు. "ఏడు వేళ్లు చూపియ్యున్రి, ఐదు చూపియ్యున్రి, పది చూపియ్యున్రి." పది అన్నప్పుడు రెండు చేతులూ ఒక్కసారే తెరుస్తరు, లెక్కపెట్టరు, అక్కడ ఆగు. ఒక పిల్లను ముందుకు పిలిచి పది వేళ్లు చూపియ్యమను, పక్కన ఇంకొకన్ని నిలబెట్టి మూడు వేళ్లు చూపియ్యమను. "మొత్తం ఎన్ని?" పదమూడు. అంతే, పాఠం అక్కడ్నే మొదలైంది, పిల్లలకు మాత్రం ఇంకా ఆటనే.

వార్మప్‌ల నువ్వు చూడాల్సింది ఒకటుంది. ఏడు అంటే ఏడు వేళ్లు చూపియ్యలేనోళ్లు ఎంతమంది? ముగ్గురు నలుగురైతే వాళ్ల జతల్ల బాగ చేసేటోళ్లను కూసోబెట్టు. సగం క్లాస్ తడబడితే 11 నుంచి 19 ఈ రోజు కాదు, పది లెక్కపెట్టి కట్ట కట్టుడు దాకనే చేసి ఆపెయ్. డెమోల అట్ల ఆపితే మార్కులు పోతయని భయపడకు, ప్లాన్‌లనే "ఇట్లయితే ఇది" అని ముందే రాసుకుంటే అది ప్లాన్ కిందనే లెక్క.

వార్మప్ తర్వాత ఐదు నిమిషాలు నువ్వు చేసి చూపియ్యాలె. 14 పుల్లలు అందరికీ కనపడేటట్టు పట్టుకొని గట్టిగ లెక్కపెట్టు, పదికి ఆగి రబ్బర్ బ్యాండ్ వెయ్యి, "ఇప్పుడు ఇవి పది పుల్లలా, ఒక కట్టనా?" అని అడుగు. కొందరు పది అంటరు, కొందరు ఒకటి అంటరు, ఇద్దరిదీ కరెక్టే అని చెప్పు. పాఠం మొత్తం ఆ ఒక్క సంగతి మీదనే ఉంది: పది పుల్లలు ఒక్క కట్ట అయినయి. స్థానవిలువ అన్న మాట పిల్లల ముంగట అసలు వాడకు, కట్ట, విడి అను. ఇంగ్లిష్ మీడియం గదా అని ఫోర్టీన్‌తోని మొదలుపెట్టకు, "వన్ టెన్ అండ్ ఫోర్, ఫోర్టీన్" అని రెండూ కలిపి అను, తెలుగుల అర్థం చెప్పు, ఒకటో తరగతిల ఎవరూ తప్పు పట్టరు.

మెయిన్ యాక్టివిటీకి సామాను పెద్దగేం లేదు, ఒక కొత్త కొబ్బరి పుల్లల చీపురు, పిల్లలకు 14, నువ్వు చూపియ్యనీకి ఒకటి, మొత్తం 15 రబ్బర్ బ్యాండ్లు. పుల్లలను బెత్తెడు పొడుగు ముక్కలు చెయ్యి, పొడుగు పుల్లలిస్తే కండ్లల్ల పొడుచుకుంటరు. 28 మందిని ఇద్దరిద్దరుగ చేస్తే 14 జతలు. 11 నుంచి 19 దాకా తొమ్మిది సంఖ్యలు ఒక్కోసారి, మిగిలిన ఐదు జతలకు 13, 14, 16, 17, 18 మళ్ల ఇయ్యి. జతలకు మొత్తం 213 పుల్లలు, ఇంటికాడనే లెక్కపెట్టి 14 కాగితం పొట్లాలు కట్టుకొని పో, నువ్వు చూపించే 14 పుల్లలు వేరేగ పెట్టుకో. క్లాస్‌ల నిలబడి లెక్కపెడితే కథ అక్కడ్నే అయిపోతది. రబ్బర్ బ్యాండ్ సన్నది కొనకు, ఆరేండ్ల పిల్లల వేళ్లకు రెండు చుట్లు తిప్పుడు రాదు, పైంగ దాన్ని సాగదీసి పక్కోని మీద కొడతరు. జుట్టుకు పెట్టుకునే లావు రబ్బర్ బ్యాండ్ అయితే ఒక్క చుట్టుకే కట్ట నిలబడతది. కొందరు చింతగింజలు తీస్కపోతరు, అవి లెక్కకు బాగుంటయి గానీ కట్ట కాదు, పది గింజలు ఒకటి ఎట్లయితదో చేతికి తెల్వదు.

పని చెప్పినంకనే పొట్లాలు ఇయ్యి. ముందే ఇస్తే నీ మాట ఎవరూ వినరు, పుల్లలతోని ఇల్లు కడతరు. మూడు మాటలల్ల చెప్పు: పది లెక్కపెట్టున్రి, కట్ట కట్టున్రి, పలక మీద పెట్టున్రి. పలకను సుద్దతోని మధ్యల గీత గీసి రెండు చెయ్యమను, ఎడమ దిక్కు కట్ట, కుడి దిక్కు విడి పుల్లలు. తర్వాత కట్ట కింద 1, విడివాటి కింద ఎన్నుంటే అంత. ఒకరు లెక్కపెడితే ఇంకొకరు కడతరు, అయినంక పక్క జతతోని పొట్లం మార్చుకొని మళ్ల చేస్తరు, ఈసారి పని గూడ మార్చుకుంటరు. దీనికి 18 నిమిషాలు పెట్టు.

ఈ 18 నిమిషాలు నువ్వు బోర్డు కాడ ఉండకు, జతల మధ్యల తిరుగు, తిరిగినప్పుడు ఒక్కటే ప్రశ్న అడుగు. పలక మీద 14 అని రాసి ఉంటది గదా, అండ్ల 1 మీద వేలు పెట్టి "ఇది ఏ పుల్లలు? చూపియ్యి" అను. కట్టను చూపిస్తే వచ్చింది. ఒక్క విడి పుల్ల తీసి చూపిస్తే, రాసుడు కరెక్ట్ అయినా పాఠం ఇంకా రాలేదు, బోర్డు మీది ఆకారం చూసి గీసిండు, అంతే. అట్లాంటప్పుడు తిట్టకు, జవాబు గూడ చెప్పకు, కట్ట విప్పించి మళ్ల కట్టమను, "ఇవన్నీ ఏడికి పోయినయి, రాతల యాడున్నయి?" అని అడిగి పక్క జత కాడికి పో. మళ్ల ఒకసారి వచ్చి చూడు.

కూల్‌డౌన్ గడిల చాలామంది "పునశ్చరణ, అర్థమైందా అని అడుగుట" అని రాస్తరు. "అర్థమైందా" అంటే 28 మంది కలిసి "ఎస్ మేడం" అంటరు, నీకు తెలిసేది ఏం లేదు. కూల్‌డౌన్‌ల రెండు పనులు. మొదటిది సద్దుమణిగించుడు, నాలుగు నిమిషాలు: కట్టలు ఒక డబ్బాల, విడి పుల్లలు ఇంకో డబ్బాల ఒక్కో జతను పిలిచి వేయించు, మిగిలినోళ్లు కట్టలు లెక్కపెడతరు, 14 రావాలె. ఒకటి తక్కువైతే ఎవరి జేబుల ఉందో వాళ్లే చెప్తరు. రెండోది ఏడు నిమిషాలు, నిశ్శబ్దంగ. నువ్వు ఒక కట్ట, రెండు విడి పుల్లలు పట్టుకొని చూపిస్తవు, నోటితోని ఏం అనవు, పిల్లలు ఎవరి పలక మీద వాళ్లు రాసి తిప్పి పెడతరు. నువ్వు అన్నప్పుడే ఎత్తుతరు. తర్వాత ఒక కట్ట, ఏడు. అన్నింటికంటే ఆఖరికి ఒక కట్ట, విడిగా ఏం లేదు. ఇక్కడ చూడు, కొందరు ఉత్త 1 రాస్తరు, విడి గడిల సున్నా రావాలన్నది వాళ్లకు ఇంకా తట్టలేదు, అది రేపటి పాఠం. పలకలు ఎత్తినప్పుడు 12 ఎందరు, 21 ఎందరు, 102 ఎందరు అని మూడు గీతలు గీసుకో.

ఆరు, ఐదు, 18, నాలుగు, ఏడు, కలిపితే 40. అక్కడికి పోయినంక "20 నిమిషాల్నే చెయ్యి" అనొచ్చు, డెమోలల్ల ఇది మామూలే. అప్పుడు వార్మప్ మూడుకు, నువ్వు చూపించుడు మూడుకు తగ్గియ్యి, జత పని తొమ్మిది, పొట్లాలు మార్చుకునుడు తీసెయ్, సర్దుడు రెండు, పలక చూసుడు మూడు. టైమ్ లేదని కూల్‌డౌన్ మొత్తం వదిలెయ్యకు, ఆబ్జెక్టివ్ అయిందో లేదో తెలిసేది ఆ పలకలతోనే.

నువ్వు డీఎస్సీ గురించి అడగలేదు గానీ చెప్తున్న, ఎస్జీటీ పోస్టుకు డెమో ఉండదు, రాత పరీక్ష 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. అందుకని డెమో పని వేరు, డీఎస్సీ చదువు వేరు అనుకుంటరు. కానీ మెథడాలజీల వచ్చే ప్రశ్నలు, పిల్లగాడు 41 ఎందుకు రాసిండు, ఆబ్జెక్టివ్‌ల ఏ క్రియ వాడాలె, ఇసుంటివే. ఆదివారం రాత్రి మీ ఇంటిపక్క ఒకటో తరగతి పిల్లలు ఇద్దరిని కూసోబెట్టి ఒక పొట్లం ఇచ్చి చూడు, కట్ట కట్టనీకి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూసి రాసుకో, ఐదు దాటితే రబ్బర్ బ్యాండ్ మార్చు.