నీ కథలో అమ్మమ్మకి మూడు బోర్డులు చాలు

చి. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. అమ్మమ్మ, ఎనిమిదేళ్ల చిన్ని విశాఖలో విమానం ఎక్కి కౌలాలంపూర్‌లో దిగడం, దారిపొడుగునా అమ్మమ్మ బోర్డులు ఫొటోలు తీసి తెలుగులో చెప్పడం నాకు చాలా నచ్చింది. కానీ పన్నెండు బోర్డులు పెట్టావు. ప్రతిచోటా అమ్మమ్మ ఫొటో తీస్తుంది, ఫోను అర్థం చెబుతుంది, చిన్ని "ఓహో" అంటుంది. నాలుగో బోర్డుకే పిల్లలు పుస్తకం మూసేస్తారు. మూడు ఉంచు. ఒక్కో బోర్డు దగ్గర వాళ్లిద్దరి మధ్య ఏదో ఒకటి జరగాలి.

మొదటిది మన ఊళ్లోనే ఉంది. బయలుదేరే వైపు హిందీలో 'ప్రస్థాన్' అని ఉంటుంది. చిన్ని బళ్లో హిందీ నేర్చుకుంటోంది కాబట్టి కూడబలుక్కుని చదువుతుంది. అమ్మమ్మ చెయ్యి ఆగిపోవాలి. ఆవిడకి తెలిసింది పాండవుల మహాప్రస్థానం, తిరిగిరాని ప్రయాణం. "ఇదేం మాటమ్మా, శుభమా అని బయలుదేరుతుంటే!" అంటుంది. చిన్నికి పాండవులు తెలియరు, హిందీలో అది మామూలు మాట అని మాత్రం తెలుసు. అక్కడ అనువాదం చేసేది చిన్ని. ఈ తిరకాసు నీ కథకి ప్రాణం, వదలకు.

ఒక జాగ్రత్త. మన విమానాశ్రయం నేవీ వారి ఐఎన్ఎస్ డేగాలో ఉంది. విమానం దగ్గరికి నడిచేటప్పుడు అమ్మమ్మ ఫొటోలు తీస్తున్నట్టు రాశావు. అక్కడ తియ్యనివ్వరు. ఆ ఫొటో టెర్మినల్ బయటే, ఆటో దిగిన చోట తీయించు.

రెండోది కౌలాలంపూర్‌లో. మలయ్ భాషని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. అంటే చిన్ని ఏ బోర్డైనా చదవగలదు, ఒక్క ముక్కా అర్థం కాదు. అమ్మమ్మకి ఆ అక్షరాలు రావు, కానీ చెవి ఉంది. నీ కథలో ఈ సంగతి వాడుకోనే లేదు! దిగగానే పిల్లకి బాత్రూమ్ అవసరం పడనీ. 'టాండస్' అనే బోర్డు కింద రెండు తలుపులు. అమ్మమ్మ ఫొటో తీస్తుంది, ఇంకా నెట్ రాలేదు, ఫోను తిరుగుతూనే ఉంటుంది. (ఆ భాషనీ తెలుగునీ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే నెట్ లేకపోయినా పని జరిగేది. చేసుకోలేదని ఒక్క వాక్యంలో చెప్పు చాలు.) అమ్మమ్మ ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేసి, "చదువమ్మా" అంటుంది.

"లెలాకి."

"ఊహూ. రెండోది?"

"వానిటా."

"వనిత! ఆడవాళ్లది. పద పద."

మలయ్‌లో సంస్కృతం మాటలు బోలెడున్నాయి. భాషని 'బహాసా' అంటారు, ముఖ్యమైనదాన్ని 'ఉతామా' అంటారు. అవన్నీ గుదిగుచ్చి పాఠంలా చెప్పించకు. వనిత ఒక్కటే చాలు, పిల్ల గబగబా లోపలికి పరిగెత్తాలి కదా.

మూడోది ఇమిగ్రేషన్ దగ్గర. ఇక్కడ అమ్మమ్మ గెలుపు తలకిందులవ్వాలి. ఆ హాల్లో ఫొటోలు తియ్యకూడదు కాబట్టి ఫోను సంచిలోకి వెళ్లిపోతుంది. 'వార్గనెగారా' అని చిన్ని చదువుతుంది. వనిత దొరికిన ఉత్సాహంలో అమ్మమ్మ, "నగరం వాళ్ల వరస. మనది విశాఖ నగరమేగా!" అని అందులో నిలబడుతుంది. కానీ మలయ్‌లో నెగారా అంటే నగరం కాదు, దేశం. వార్గనెగారా అంటే ఆ దేశపు పౌరుడు. మాట సంస్కృతం నుంచే వెళ్లింది, అర్థం మాత్రం దారిలో మారింది. ఆఫీసరు పాస్‌పోర్టు చూసి, నవ్వి, పొడుగాటి వరస వైపు చెయ్యి చూపిస్తాడు. కోపంగా అరిపించకు, ఆ అవసరం లేదు. అమ్మమ్మ మొహం చిన్నబోవడం చిన్ని చూడాలి. అది చాలు.

నీ ముగింపులో అమ్మమ్మ "భాషలన్నీ ఒక్కటే" అంటోంది. నెగారా దగ్గర పొరబడ్డ మనిషి అలా అనదు. ఆ పేరా తీసెయ్. దాని బదులు, ఆ మూడూ కాక ముగింపుకి మాత్రం ఇంకొక్క బోర్డు పెట్టు. సామాన్లు తీసుకుని వెళ్తుంటే ఆకుపచ్చ బోర్డు మీద 'కెలువర్' అని కనబడుతుంది. ఈసారి అమ్మమ్మ ఏమీ ఊహించదు. ఫొటో తీస్తుంది, నెట్ వచ్చింది, 'బయటకు' అని ఫోను చెబుతుంది. ఆ మాటలో 'లువర్' అంటే బయట, 'కె' అంటే మన 'కి, కు' లాంటిదే, కాకపోతే ముందొస్తుంది. ఈ వివరం నీకోసం, కథలోకి రానక్కర్లేదు. చిన్ని అమ్మమ్మ చెయ్యి పట్టుకుని, "కెలువర్, అమ్మమ్మా" అని తనే ముందు నడవాలి. అక్కడ ఆపెయ్.

మళ్లీ రాశాక సీతమ్మధారకి తెచ్చుకో. పైకి చదివించుకుని వింటాను.

మీ పెద్దమ్మ